రెండు డాలర్ల పెట్టె అసలు ఖరీదెంత: ఒక షిప్‌మెంట్‌కి ల్యాండెడ్ కాస్ట్ తీసిన అనుభవం

సప్లయర్ కొటేషన్‌లో ప్లాస్టిక్ స్టోరేజ్ పెట్టె ధర రెండు డాలర్లు. అదే పెట్టె ఓడ దిగి, కస్టమ్స్ దాటి, లారీలో మా గోడౌన్‌కి చేరేసరికి మూడు డాలర్ల అరవై తొమ్మిది సెంట్లయింది. అదే షిప్‌మెంట్‌లో వచ్చిన డిజిటల్ వంటింటి కాటా మాత్రం ఆరు డాలర్ల దగ్గర బయలుదేరి ఏడు డాలర్ల పది సెంట్లతో ఆగింది. ఓడ ఒకటే, రవాణా ఏర్పాట్లు చూసే ఫార్వర్డర్ ఒకరే, కస్టమ్స్ డిక్లరేషన్ కూడా ఒకటే. అయినా ఒకదాని ఖరీదు 18 శాతం పెరిగితే రెండోదానిది 84 శాతం పెరిగింది. ఈ తేడా ఎక్కడ పుట్టిందో చూడకుండా అమ్మకం ధర వేయడం కుదరదు కాబట్టి, ల్యాండెడ్ కాస్ట్, అంటే సరుకు గోడౌన్ చేరేసరికి అన్నీ కలిపి పడే ఖరీదు, ఎలా తీశామో మొదటి నుంచి రాస్తున్నాను. అంకెలు గుండ్రంగా చేశాను. మా కరెన్సీని ఊరికే యూనిట్లు అంటాను, డాలరుకు వంద యూనిట్ల దరిదాపుల్లో అనుకోండి. ఎవరి కరెన్సీకి వాళ్లు మార్చుకోవచ్చు.

ఆర్డర్ చిన్నదే. కాటాలు వెయ్యి, పెట్టెలు వెయ్యి. కాటాల విలువ 6,000 డాలర్లు, పెట్టెలది 2,000. కంటైనర్ నిండేంత సరుకు కాదు కాబట్టి ఎల్‌సీఎల్, అంటే వేరేవాళ్ల సరుకుతో కలిపి ఒకే కంటైనర్‌లో పంపే పద్ధతి. రెండు వస్తువులూ ఒకే సైజు అట్టపెట్టెల్లో వస్తాయి, 50 బై 40 బై 40 సెంటీమీటర్లు. ఒక్కో కార్టన్ 0.08 క్యూబిక్ మీటర్. కాటాలు ఒక్కో కార్టన్‌లో నలభై పడతాయి, పెట్టెలు పదే పడతాయి. కాటాలకు 25 కార్టన్లు, పెట్టెలకు 100. మొత్తం పది క్యూబిక్ మీటర్లు. అందులో కాటాలవి రెండు, పెట్టెలవి ఎనిమిది. ఈ రెండు అంకెల్ని గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా ధర ఏ షరతు మీద చెబుతున్నారో తేల్చుకోవాల్సి వచ్చింది. సప్లయర్ రెండు ధరలు ఇచ్చాడు. ఒకటి ఎఫ్ఓబీ: సరుకును వాళ్ల ఓడరేవులో ఓడకెక్కించేదాకా ఖర్చు వాళ్లది, అక్కణ్నుంచి మాది. రెండోది సీఐఎఫ్: మా ఓడరేవు దాకా ఫ్రైట్, అంటే రవాణా కిరాయి, ఇన్సూరెన్స్ వాళ్లే కడతారు. ఎఫ్ఓబీలో మా ఫార్వర్డర్ క్యూబిక్ మీటర్‌కి 60 డాలర్లు అడిగాడు, అంటే సముద్రం ఫ్రైట్ 600. సీఐఎఫ్‌లో సప్లయర్ మొత్తం ఫ్రైట్ కింద వేసింది కేవలం వంద డాలర్లు. చూడగానే ఐదొందలు మిగిలినట్టే కనిపిస్తుంది. మా భాగస్వామి అప్పటికే సంతోషంగా సరే అనేసే ఊపులో ఉన్నాడు.

ఎల్‌సీఎల్‌లో ఫ్రైట్ మరీ చవగ్గా కనిపిస్తే ఆ డబ్బు దిగే చోట వసూలవుతుందని అనుకోవడం మంచిది. సీఐఎఫ్‌లో సప్లయర్ బాధ్యత ఫ్రైట్, ఇన్సూరెన్స్‌లతో ఆగిపోతుంది. మా ఓడరేవులో కంటైనర్ దించడం, విప్పి సరుకు వేరుచేయడం, గిడ్డంగి, సరుకు విడుదలకు ఇచ్చే డెలివరీ ఆర్డర్ ఛార్జీలన్నీ దిగుమతిదారు నెత్తినే పడతాయి. అక్కడ పనిచేసే ఏజెంటును ఎంచుకున్నది సప్లయర్ కాబట్టి బేరమాడే వీలు మనకుండదు. పైగా డబ్బు కట్టందే సరుకు బయటికి రాదు. అందుకని ఒప్పుకునేముందు, ఇక్కడి ఏజెంటు ఛార్జీల పట్టిక రాతపూర్వకంగా పంపమని అడిగాం. వారం గడిచాక, రెండుసార్లు గుర్తుచేస్తే వచ్చింది. పది క్యూబిక్ మీటర్లకు లెక్కేస్తే దిగుమతి వైపు ఛార్జీలు 1,400 డాలర్లు. మా ఫార్వర్డర్ అదే పనికి రాసిచ్చింది 500. అంటే సీఐఎఫ్ దారిలో 1,500, ఎఫ్ఓబీ దారిలో ఫ్రైట్, దిగే ఛార్జీలు కలిపి 1,100. ఎఫ్ఓబీ తీసుకున్నాం. ఫ్రైట్ కొటేషన్ అంటే నా దృష్టిలో రెండు చివర్లూ ఉన్న కాగితం. ఒక చివరే ఉంటే దాన్ని పోల్చడానికి పనికొచ్చే అంకెగా నేను తీసుకోను.

తర్వాతి పని కార్టన్ కొలతలు. ఎల్‌సీఎల్‌లో ఛార్జీ బరువుకా, పరిమాణానికా అన్నది ఏది ఎక్కువైతే దాన్ని బట్టి ఉంటుంది. సముద్రం మీద ఒక క్యూబిక్ మీటర్‌ని వెయ్యి కిలోలతో సమానంగా చూస్తారు. మా సరుకు బరువు ఆ దరిదాపుల్లో కూడా లేదు కాబట్టి పరిమాణమే లెక్క. ప్యాకింగ్ మొదలవగానే, సరుకు సర్దేసిన కార్టన్ మీద టేప్ పెట్టి మూడు వైపులా ఫోటోలు తీసి పంపమన్నాను. ఫోటోలో పెట్టెల కార్టన్ పక్కలు ఉబ్బి ఉన్నాయి. టేప్ మీద 52, 42, 42 కనిపించాయి. ఒక్కో వైపు రెండు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. గుణించి చూస్తే కార్టన్ 0.08 నుంచి 0.092కి చేరుతుంది, అంటే దాదాపు 15 శాతం ఎక్కువ. కార్టన్లన్నీ అలాగే వస్తే పది క్యూబిక్ మీటర్ల సరుకు పదకొండున్నర అవుతుంది. గిడ్డంగివాళ్లు కాగితం మీద రాసింది చూడరు, ఉబ్బిన చోట కొలుస్తారు. మూతల మధ్య బబుల్ షీట్ రెండు పొరలు వేయడం వల్ల ఇలా అయిందని సప్లయర్ చెప్పాడు. ఒక పొర తీయించి, గట్టి అట్టతో మళ్లీ సర్దించాం. కొలతలు 50, 40, 40కి వచ్చాయి.

ప్యాకింగ్ కన్నా ముందే, ఆర్డర్ ఖాయం చేయకముందే, సరుకు ఏ రకమో కస్టమ్స్‌కి చెప్పే హెచ్ఎస్ కోడ్ గురించి బ్రోకర్‌తో మాట్లాడాను. ఈ కోడ్‌లో మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే, ఆ తర్వాతి అంకెలు, సుంకం రేటు ఏ దేశానికి ఆ దేశానివి. కాటాతో పేచీ లేదు, ఇంట్లో వాడే కాటాలు 8423.10 కింద స్పష్టంగా ఉన్నాయి. పెట్టె దగ్గరే చిక్కు. సప్లయర్ ఇన్‌వాయిస్‌లో 3923 వేశాడు. అది సరుకు ప్యాకింగ్‌కి, రవాణాకి వాడే ప్లాస్టిక్ వస్తువుల శీర్షిక.

బ్రోకర్ ఫోటో చూసి, "ఇది జనం ఇంట్లో పప్పులూ ఉప్పులూ పోసుకోడానికి కొనేదే కదండీ?" అని అడిగాడు.

"అవునండీ, వంటింటి పెట్టె," అన్నాను.

"అయితే 3924. ఇంటి సామాను. వాళ్లు వేసిన కోడ్ వాళ్ల ఎగుమతి కాగితాల కోసం. ఇక్కడ డిక్లేర్ చేసేది మీరు, తేడా వస్తే అడిగేదీ మిమ్మల్నే," అన్నాడు.

మాకు వర్తించే రేట్లలో 3923కి పది శాతం, 3924కి ఇరవై. కాటాకు పది. తక్కువ రేటు ఉన్న కోడ్‌తో ధర కట్టుకుని, సరుకు రేవులో ఉండగా కోడ్ మార్చమంటే అప్పటికప్పుడు సుంకం రెట్టింపవుతుంది. దానిమీద జరిమానా, గిడ్డంగి అద్దె అదనం. అందుకే ఆర్డర్ ఖాయం చేయకముందే వస్తువు ఫోటో, దేనితో చేశారో, దేనికి వాడతారో బ్రోకర్‌కి పంపి కోడ్ అడగడం మా పద్ధతి. అమ్మకం ధర మీద దాని ప్రభావం అంత పెద్దది మరి.

సుంకం ఏ మొత్తం మీద వేస్తారన్నది కూడా తెలిసుండాలి. మాకు సీఐఎఫ్ విలువ మీద, అంటే సరుకు ధరకు ఫ్రైట్, ఇన్సూరెన్స్ కలిపి వేస్తారు. యూరోపియన్ యూనియన్‌లోనూ దాదాపు ఇదే పద్ధతి. అమెరికాలో ఎఫ్ఓబీ విలువ మీద లెక్కిస్తారు కాబట్టి అంతర్జాతీయ ఫ్రైట్ మీద సుంకం పడదు. సీఐఎఫ్ పద్ధతి ఉన్నచోట ఫ్రైట్ పెరిగితే రెండు దెబ్బలు: ఫ్రైట్ కట్టాలి, దానిమీద సుంకమూ కట్టాలి.

ఇప్పుడు అసలు పని, ఖర్చుల పంపకం. కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నప్పుడు భాగస్వామి తేలికైన దారి చెప్పాడు. "సరుకు 8,000. అన్ని ఖర్చులూ కలిపితే 10,793 అయింది. అంటే 35 శాతం పెరిగింది. ప్రతి వస్తువు మీదా 35 శాతం వేసెయ్, అయిపోతుంది." చాలామంది చేసేది ఇదే. ఒకే రకం సరుకు తెప్పిస్తే ఇందులో తప్పేమీ లేదు కూడా. ఆ పద్ధతిలో కాటా 8.10 డాలర్లు, పెట్టె 2.70 డాలర్లు పడతాయి.

కానీ ఓడలో మా సరుకు పట్టిన చోటులో పదింట ఎనిమిది వంతులు ఆక్రమించింది పెట్టె. ఫ్రైట్ వాడు డబ్బు అడిగింది చోటుకు, సరుకు విలువకు కాదు. అందుకని ప్రతి ఖర్చునూ, "ఇది దేన్ని బట్టి పెరుగుతుంది?" అని అడిగి, దాన్ని బట్టే పంచాం. సముద్రం ఫ్రైట్ 600, దిగే ఛార్జీలు 500, రేవు నుంచి గోడౌన్‌కి లారీ 300: ఈ మూడూ చోటును బట్టి పెరిగేవి. రెండుకు ఎనిమిది నిష్పత్తిలో పంచితే కాటాల వాటా 280, పెట్టెల వాటా 1,120. ఇన్సూరెన్స్ 40, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ఛార్జీలు 40, బ్రోకర్ ఫీజు 200: వీటికి చోటుతో సంబంధం లేదు, విలువను బట్టి పంచాం. కాటాలకు 210, పెట్టెలకు 70. సుంకాన్ని పంచకూడదు, ఏ వస్తువుది ఆ వస్తువుకు వేయాలి. కాటాల సీఐఎఫ్ విలువ 6,000కి ఫ్రైట్ 120, ఇన్సూరెన్స్ 30 కలిపి 6,150, దానిమీద పది శాతం 615. పెట్టెలది 2,000కి 480, 10 కలిపి 2,490, ఇరవై శాతం 498.

కూడితే కాటాలు 7,105 డాలర్లు, ఒక్కోటి 7.10. పెట్టెలు 3,688, ఒక్కోటి 3.69. మొత్తం అదే 10,793, కానీ ఎవరి భారం వాళ్ల మీద పడింది. విలువ ప్రకారం పంచిన పట్టికను నమ్మి పెట్టె ఖరీదు 2.70 అనుకుని, దానిమీద ముప్పై శాతం వేసుకుని మూడున్నరకు అమ్మితే, అమ్మిన ప్రతి పెట్టె మీదా పందొమ్మిది సెంట్లు చేతి నుంచి పోతాయి. పెట్టెలు చవగ్గా ఉన్నాయి కాబట్టి అవే ఎక్కువ అమ్ముడుపోతాయి. అదే సమయంలో కాటాకు లేని ఖర్చు అంటగట్టి ధర పెంచడం వల్ల అవి షెల్ఫ్‌లో కూర్చుంటాయి. మొత్తం మీద లాభం ఎందుకు తగ్గిందో ఏడాది చివర కూడా అర్థం కాదు, ఎందుకంటే మొత్తం ఖర్చు సరిగ్గానే ఉంటుంది. దీన్ని పసిగట్టే గుర్తు ఒకటుంది: పెద్ద సైజు, తక్కువ ధర వస్తువుల్లో మీరు పోటీదారుల కన్నా విచిత్రంగా చవగ్గా ఉండి, చిన్న, ఖరీదైన వస్తువుల్లో వాళ్లకన్నా ప్రియంగా ఉంటే పంపకం విలువ మీద జరుగుతోందని అనుమానించవచ్చు.

మధ్యలో ఒకసారి, స్టాకు త్వరగా కావాలి, పెట్టెలు విమానంలో తెప్పిద్దామా అన్న మాట వచ్చింది. విమానంలో పరిమాణాన్ని బరువుగా మారుస్తారు, సాధారణంగా ఘన సెంటీమీటర్లను ఆరు వేలతో భాగిస్తారు. ఎనిమిది వేల ఘన సెంటీమీటర్ల పెట్టె 1.33 కిలోలుగా లెక్కకొస్తుంది. కిలోకి నాలుగు డాలర్లు అనుకున్నా రెండు డాలర్ల పెట్టె మీద ఫ్రైటే ఐదు డాలర్లు దాటుతుంది. ఆ మాట అక్కడితో ఆగింది.

ఇంతవరకు లెక్కంతా డాలర్లలో. అమ్మేది మాత్రం యూనిట్లలో. డాలరు రేటు ఫోన్‌లో చూసి గుణించేస్తే చాలదు, ఎందుకంటే ఒక్క షిప్‌మెంట్‌లోనే నాలుగైదు రేట్లు పనిచేస్తాయి. ఆర్డర్‌తో పాటు 30 శాతం అడ్వాన్సు, 2,400 డాలర్లు, బ్యాంకు 98కి అమ్మింది. ఓడకెక్కాక మిగతా 5,600 కట్టే రోజుకు బ్యాంకు రేటు 103. ఆ రోజు ఫోన్‌లో 102 కనిపిస్తోంది. ఆ ఒక్క యూనిట్ తేడా బ్యాంకు మార్జిన్, మనం కట్టేది బ్యాంకు అమ్మే రేటే కాబట్టి లెక్కలోకి రావాల్సిందీ అదే. రెండు చెల్లింపులు కలిపితే 2,35,200, 5,76,800 యూనిట్లు, మొత్తం 8,12,000. ఎనిమిది వేలతో భాగిస్తే సరుకు వరకు మా అసలు రేటు 101.50.

ఫార్వర్డర్ డాలర్ బిల్లును తన రేటు 105తో మార్చి వేశాడు. దీన్ని ముందే అడిగి ఉంచడం మంచిది, కొందరు బ్యాంకు రేటు మీద మూడు నాలుగు శాతం వేసుకుంటారు. బేరమాడితే తగ్గేది కూడా ఇదే. ఇక కస్టమ్స్‌కి తన సొంత రేటు ఉంటుంది. కొంత కాలానికి ఒకటి చొప్పున ప్రకటిస్తారు, డిక్లరేషన్ వేసే సమయానికి అమల్లో ఉన్న రేటే సుంకానికి వర్తిస్తుంది. మేం అడ్వాన్సు 98కి కట్టామన్నది వాళ్లకు అక్కర్లేదు. మాకు పడింది 104. సుంకం 1,113 డాలర్లు కాబట్టి 1,15,752 యూనిట్లు. ఇన్సూరెన్స్ కట్టిన రోజు రేటు 103. దిగే ఛార్జీలు, లారీ, బ్రోకర్, బ్యాంకు ఛార్జీలు మొదటి నుంచీ యూనిట్లలోనే ఉన్నాయి, పోల్చడానికి వందతో భాగించి డాలర్లుగా చూపించాను.

ప్రతి పద్దుకీ దాని రేటు వేసి కూడితే కాటా 723 యూనిట్లు, పెట్టె 376 యూనిట్లు పడ్డాయి. ఆర్డర్ రోజు అంతా 98తో లెక్కేసి ఉంటే కాటా 696, పెట్టె 361 వచ్చేవి. అంటే సరుకు ఇంకా దారిలో ఉండగానే నాలుగు శాతం ఖరీదు పెరిగిపోయింది.

దిగుమతి మీద వేసే వ్యాట్ లాంటి పన్నును ఈ లెక్కలో ఎందుకు కలపలేదని అడగొచ్చు. మా వ్యాపారం రిజిస్టర్ అయి ఉంది కాబట్టి అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులోంచి దాన్ని తీసేసుకోవచ్చు. అది ఖర్చు కాదు, కొన్నాళ్లు ఇరుక్కునే డబ్బు. వెనక్కి రాని పరిస్థితి ఉన్నవాళ్లకు మాత్రం అది పూర్తి ఖర్చే, సుంకంతో పాటు ప్రతి వస్తువుకూ వేసుకోవాలి. ఒకవేళ ఉచిత గడువు దాటి రేవులో డెమరేజ్, అంటే ఆలస్యపు అద్దె, పడితే దాన్ని వేరే పద్దులో రాస్తాం. ఒకసారి జరిగిన ఆలస్యం పెట్టె ధరలోకి ఎక్కితే తర్వాతి షిప్‌మెంట్ దాకా ఆ ధర అలాగే ఉండిపోతుంది.

పెట్టెలు విప్పాక ముప్పై పెట్టెలకు మూత క్లిప్పులు విరిగి కనిపించాయి. ప్లాస్టిక్ సామానులో ఈ మాత్రం మామూలే. సప్లయర్ తర్వాతి ఆర్డర్‌లో క్లిప్పులు పంపుతానన్నాడు గానీ, ఈ లాట్ ఖర్చు అమ్మగలిగే 970 పెట్టెలే మోయాలి. 376ను 0.97తో భాగిస్తే 388. కాటాల్లో పోయినవి లేవు.

ఇక అమ్మకం ధర. మా కొట్టు అద్దె, జీతాలు, డెలివరీ, రిటర్నులు అన్నీ తీసి కాస్త మిగలాలంటే ధరలో నలభై శాతం మార్జిన్ ఉండాలి. నలభై శాతం మార్జిన్ అంటే ఖరీదుకు నలభై శాతం కలపడం కాదు. 388కి నలభై కలిపితే 543, అందులో మిగిలేది 155, అది ధరలో ఇరవై ఎనిమిదిన్నర శాతమే. ధరలో నలభై మిగలాలంటే ఖరీదు ధరలో అరవై శాతం కావాలి, 388ని 0.6తో భాగించాలి. 647 వస్తుంది. కాటాకు 723ను భాగిస్తే 1,205.

ఇంకో ప్రశ్న మిగిలింది. ధర వేయాల్సింది ఈ లాట్ ఖరీదు మీదా, రేపు మళ్లీ కొంటే పడే ఖరీదు మీదా? లాభనష్టాల పుస్తకంలో ఈ లాట్‌కి అయిన ఖర్చే ఉండాలి, దానికి తిరుగులేదు. కానీ సరుకు అయిపోగానే అదే డబ్బుతో మళ్లీ ఆర్డర్ పెట్టాలి. అందుకని ధర వేసేటప్పుడు మేం ఇంకో కాలమ్ పెట్టుకున్నాం, అందులో అన్ని డాలర్ పద్దులకూ ఆ రోజు బ్యాంకు అమ్మే రేటు మీద రెండు శాతం కలిపి వేస్తాం. ఆ రెండు శాతం ఎందుకంటే ఆర్డర్‌కి, చివరి చెల్లింపుకి మధ్య వారాల్లో రేటు కదులుతుంది. మొన్న కదిలినంత కదిలితే రెండు చాలదు నిజమే, అంతకన్నా ఎక్కువ వేస్తే పోటీలో నిలవలేం.

రేటు ఎంత కదిలితే ధర మార్చాలో తెలుసుకోవడానికి ఆ కాలమ్ బాగా పనికొచ్చింది. కాటా ఖరీదు 723లో 689 యూనిట్లు డాలరుతో పాటు కదిలేవే: సరుకు, ఫ్రైట్, ఇన్సూరెన్స్, సుంకం. అంటే 95 శాతం. పెట్టెలో 376లో 306, అంటే 81 శాతం. మిగతాది లారీకి, రేవుకి స్థానికంగా కట్టేది, డాలరు ఎటు పోయినా వెంటనే మారదు. డాలరు ఐదు శాతం పెరిగితే కాటా మీద 34 యూనిట్లు, పెట్టె మీద 15 యూనిట్లు అదనం. అందుకే కాటా ధరను తొందరగా సవరిస్తాం, రేటు మా పట్టికలో ఉన్నదానికి మూడు శాతం దాటి కదిలిన రోజున. పెట్టెకు కొంచెం ఆగొచ్చు.

ఫార్వర్డ్ కాంట్రాక్ట్ గురించి కూడా బ్యాంకులో మాట్లాడాను. మిగతా 70 శాతానికి ఫలానా తేదీకి ఫలానా రేటని ముందే ఖాయం చేసుకోవచ్చు. ధరలు క్యాటలాగ్‌లో అచ్చువేసి నెలల తరబడి మార్చలేని వాళ్లకు ఇది మంచిదే. మా చిక్కల్లా సప్లయర్ తేదీలే. సరుకు మూడు వారాలు ఆలస్యమైతే కాంట్రాక్ట్ తేదీ ఆగదు. డాలర్లు తీసుకోవాలి, లేదా ఖర్చు పెట్టుకుని పొడిగించుకోవాలి. రేటు మనవైపు తగ్గినా ఒప్పుకున్న రేటే కట్టాలి. కచ్చితంగా పంపే సప్లయర్‌తో అయితే కాటాల వరకు తీసుకుంటాం.

పెట్టె దగ్గర మాత్రం రేటు కన్నా పెద్ద సమస్య ఇంకోటి బయటపడింది. 647 దగ్గర అది అమ్ముడుపోదు, అలాంటివి మార్కెట్లో 550 లోపే దొరుకుతున్నాయి. మామూలుగా అయితే సప్లయర్‌తో పది సెంట్లు తగ్గించమని కొట్లాడతాం. కానీ పట్టిక చూస్తే పెట్టె మోస్తున్న 1.69 డాలర్ల అదనంలో 1.12 కేవలం చోటుకే పోతోంది. మూత పెట్టిన ఖాళీ పెట్టెల్లో మేం గాలిని దిగుమతి చేసుకుంటున్నాం. మూతలు విడిగా సర్ది, పెట్టెల్ని ఒకదానిలో ఒకటి దూరేలా గోడలు కాస్త ఏటవాలుగా ఉండే మోడల్ ఉందా అని సప్లయర్‌ని అడిగాను. ఉంది, ధర అదే రెండు డాలర్లు, ఒక్కో పెట్టెకు పట్టే చోటు ఎనిమిది లీటర్ల బదులు మూడు.

పట్టికలో ఆ ఒక్క అంకె మార్చాను. చోటును బట్టి పడే ఖర్చు 1,120 నుంచి 420కి దిగింది. ఫ్రైట్ వాటా 300 తగ్గింది కాబట్టి దానిమీద ఇరవై శాతం సుంకం ఇంకో 60 తగ్గింది. పెట్టె ల్యాండెడ్ కాస్ట్ 3.69 నుంచి 2.93 డాలర్లకు వచ్చింది. డాలరును 104 దగ్గర పట్టుకుని, విరిగిపోయే మూడు శాతం తీసేసినా 315 యూనిట్ల లోపే, నలభై శాతం మార్జిన్‌తో ధర 525. కొత్త మోడల్ సర్దిన కార్టన్ మీద టేప్ పెట్టి తీసిన ఫోటోలు రావాలి, బ్రోకర్‌కి ఫోటో పంపి 3924 మారదని రూఢి చేసుకోవాలి. ఆ రెండూ అయ్యాకే అడ్వాన్సు కడతాం.